41 వరుసలు వచ్చాయి, 38 కేంద్రాలే చెప్పాయి

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి నెలనెలా ఒక నివేదిక పైకి వెళ్తుంది. ఎందరు గర్భిణులు నమోదయ్యారు, ఎన్ని కాన్పులయ్యాయి, ఎందరు పిల్లలకు బీసీజీ, పెంటావాలెంట్ టీకాలు పడ్డాయి, ఇవన్నీ అందులో ఉంటాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2008లో హెచ్ఎంఐఎస్ పోర్టల్ తెచ్చాక ఈ అంకెలు కంప్యూటర్‌లోకి చేరుతున్నాయి. జిల్లా స్థాయిలో వాటిని ఒక్క ఫైల్‌గా పోగుచేసినప్పుడు, ఆ ఫైల్‌ను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే చిన్న పట్టికే క్వాలిటీ స్కోర్‌కార్డు. అది ఎన్ని ఖాళీలున్నాయి, ఎన్ని రెండుసార్లు వచ్చాయి, ఎన్ని అసలు సాధ్యం కాని అంకెలు అని మూడు విషయాలు అడుగుతుంది.

లెక్క కోసం ఒక జిల్లా అనుకుందాం. 40 కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఒక వరుస, వరుసకు 10 ముఖ్యమైన అంశాలు. ఆ పదీ అన్ని కేంద్రాలకూ వర్తించేవే. నెల ఫైల్ తెరిస్తే 41 వరుసలున్నాయి.

41 వచ్చాయంటే అందరూ పంపినట్టే కదా?

కాదు. వరుసలు లెక్కపెట్టి 40తో భాగిస్తే 102.5 శాతం వస్తుంది. నూరు దాటిన ఈ అంకె చూసి చాలామంది సంతోషించి వదిలేస్తారు, నిజానికి ఆగి చూడాల్సింది అక్కడే. డూప్లికేట్లు తీసేయకుండా సంపూర్ణత కొలిస్తే, ఒకరు రెండుసార్లు పంపింది మరొకరు పంపని లోటును కప్పేస్తుంది. అందుకే ముందు డూప్లికేట్లు చూడాలి. కేంద్రం కోడ్, నెల, ఈ రెండూ కలిసిన జత ఒక్కసారే ఉండాలన్నది నియమం.

```sql
SELECT facility_id, report_month, COUNT(*)
FROM monthly_feed
GROUP BY facility_id, report_month
HAVING COUNT(*) > 1;
```

మన ఫైల్‌లో ఇది రెండు జతలను పట్టింది. ఒకదానిలో రెండు వరుసలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఎవరో రెండుసార్లు అతికించారు, ఒకటి తీసేస్తే సరి. రెండో జతలో టీకాల అంకె ఒక దాంట్లో 31, మరో దాంట్లో 34. ఇది సవరించి పంపిన నివేదిక కావచ్చు. పంపిన తేదీ ఉంటే చివరిది ఉంచాలి, లేకపోతే ఫోన్ చేసి అడగాలి. రెండింటినీ కూడటమో, సగటు తీయటమో మాత్రం చేయకూడదు.

ఇప్పుడు 39 కోడ్‌లు మిగిలాయి. వాటిని జిల్లా కేంద్రాల అసలు జాబితాతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక కోడ్ ఆ జాబితాలోనే లేదు. అది వేరే జిల్లాలో ఉన్నప్పటి పాత కోడ్. ఆ కేంద్రమే కొత్త కోడ్‌తోనూ పంపింది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల పునర్విభజన జరిగింది. అలాంటి మార్పు తర్వాత జాబితాలు సరిచేయకపోతే ఒకే ఊరి ఆసుపత్రి రెండు పేర్లతో కనిపిస్తుంది. పై క్వెరీకి ఈ మూడో డూప్లికేట్ దొరకదు. అసలు జాబితా లేకుండా స్కోర్‌కార్డు మొదలుపెట్టవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. చివరికి తేలింది, నివేదిక పంపినవి 38 కేంద్రాలు. 40కి 38, అంటే 95 శాతం.

మరి గడులలో ఖాళీలు ఎలా లెక్కించాలి?

వచ్చిన 38 వరుసల్లో 380 గడులున్నాయి, 19 ఖాళీ. నిండినవి 361. దీన్ని 380తో భాగిస్తే 95 శాతం, రావలసిన 400తో భాగిస్తే 90.25. నివేదిక పంపని రెండు కేంద్రాల పరిధిలోనూ గర్భిణులు, పిల్లలు ఉన్నారు కాబట్టి నేను 400నే హారంగా తీసుకుంటాను.

ఖాళీకీ సున్నాకీ తేడా తెలియకపోతే ఈ లెక్కంతా వృథా. సున్నా అంటే చూశాం, ఏమీ లేదు. ఖాళీ అంటే చూశారో లేదో తెలియదు. పోలియో నిఘాలో కేసు లేని వారం కూడా సున్నా నివేదిక పంపించుకునేది ఈ తేడా కోసమే. ఖాళీ గడులన్నిటినీ ఆఫీసులో కూర్చుని సున్నాతో నింపితే స్కోరు అమాంతం పెరుగుతుంది, కానీ టీకాలు పడిన పిల్లలు లెక్కలోంచి మాయమవుతారు. గీత, చుక్క, స్పేస్ కొట్టి వదిలిన గడిని కంప్యూటర్ నిండినట్టే చూస్తుంది, కాబట్టి ముందే వాటిని ఖాళీల కింద మార్చుకోవాలి. కాన్పులే జరగని కేంద్రానికి కాన్పుల గడి అసలు వర్తించదు. అలాంటివి ఉన్నప్పుడు హారంలోంచే తీసేయాలి.

చెల్లని అంకె అని ఎలా తెలుస్తుంది?

ఒక కేంద్రం వరుసలో సజీవ జననాలు 23, పుట్టగానే బరువు తూచిన పిల్లలు 32. పుట్టినవాళ్లకంటే తూచినవాళ్లు ఎక్కువ ఉండరు. రిజిస్టర్ తీసి వేలు పెట్టి లెక్కపెడితే 23 ఉంది, ఎంట్రీలో అంకెలు తారుమారయ్యాయి. తక్కువ బరువు పిల్లలు, తూచినవాళ్ల సంఖ్యను మించకూడదన్నదీ ఇలాంటి నియమమే.

అలాంటివి అయిదు నియమాలు పెట్టుకుంటే 38 కేంద్రాలకు 190 పరీక్షలు. ఖాళీల వల్ల 12 పరీక్షలు చేయడానికే వీల్లేదు. చేసినవి 178, తప్పినవి 6, అంటే దాదాపు 3.4 శాతం. చేయలేని పన్నెండింటిని పాసైనట్టు రాస్తే, ఎన్ని గడులు ఖాళీగా వదిలితే అంత మంచి మార్కులు వస్తాయి. వాటిని విడిగా చూపాలి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. బీసీజీ పడిన పిల్లలు ఆ కేంద్రంలో పుట్టినవారికంటే ఎక్కువ ఉంటే తప్పని కొట్టేయకూడదు. మన దగ్గర తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, పట్నం ఆసుపత్రిలో కని ఊళ్లో టీకా వేయించుకునేవాళ్లూ ఉన్నారు. చిన్న కేంద్రంలో ఒక నెల పెంటా మూడో డోసు మొదటి డోసును మించవచ్చు, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు నెలల్లో పుట్టిన పిల్లలవి. ఇవి అనుమానించి అడగాల్సినవే తప్ప చెల్లనివి కావు. రెంటినీ ఒకే గాటన కడితే, నిజం రాసిన ఏఎన్ఎం మరుసటి నెల అంకెను నియమానికి సరిపడేలా దిద్ది పంపుతుంది.

మూడూ కలిపి ఒకే మార్కు ఇవ్వవచ్చా?

నేనైతే ఇవ్వను. సగటు తీస్తే ఎక్కడ బాగుచేయాలో దాగిపోతుంది. మన జిల్లా కార్డు మీద ఇలా రాస్తాను: కేంద్రాలు 40కి 38, గడులు 400కి 361, డూప్లికేట్ వరుసలు 41లో 3, తప్పిన నియమాలు 178లో 6, చేయలేని పరీక్షలు 12. పక్కన ఫైల్ తీసుకున్న తేదీ ఉండాలి, ఎందుకంటే ఆలస్యంగా వచ్చే నివేదికలతో అదే నెల అంకెలు మారతాయి. కింద నివేదిక పంపని రెండు కేంద్రాల పేర్లు, తప్పిన ఆరు చోట్ల వివరాలు ఉండాలి.

ఈ కార్డు పట్టలేనిదీ ఒకటుంది. 34 మందికి టీకా వేసి 43 అని రాస్తే, గడి నిండింది, ఒక్కసారే వచ్చింది, ఏ నియమమూ తప్పలేదు. అది తెలియాలంటే కొన్ని కేంద్రాలకు వెళ్లి రిజిస్టర్‌లో పేర్లు లెక్కపెట్టి నివేదికతో పోల్చాలి. మీ చేతిలో ఇలాంటి ఫైల్ ఉంటే, ఈ నెల రెండు కేంద్రాల రిజిస్టర్లయినా తెరిపించి చూడండి.