స్లైడుకు ఒక్క సంగతే

గుండె పాఠం నోట్సు పేజీ నిండా ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు స్లైడులోకి ఎక్కిస్తే పిల్లలు తెర చదువుతారు, మాస్టారి మాట వినరు. రెండూ ఒకేసారి కుదరవు.

ముందు ఆ పేజీలోని సంగతులను విడదీయాలి. గుండె కుడివైపు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమవైపు ఒళ్లంతటికీ పంపుతుంది. అందుకే ఎడమ జఠరిక గోడ మందం. అంటే మూడు స్లైడులు. మూడోదానికి ‘గుండె నిర్మాణం’ అనే శీర్షిక ఏమీ చెప్పదు. ‘ఎడమ గోడే మందం’ అని రాయాలి. కింద గుండె అడ్డుకోత బొమ్మ, రెండు గోడలకూ చెరో బాణం చాలు. కవాటాల పేర్లు, వివరణ స్లైడు కింది నోట్స్ గడిలో పెడితే మాస్టారికే కనిపిస్తాయి.

శీర్షికలో ‘మరియు’ వచ్చిందంటే అది రెండు స్లైడుల సరుకు. అక్షరాలు చిన్నవి చేసి ఇరికించకండి. నోట్సు పేజీని మాత్రం పాఠం అయ్యాక జిరాక్సు తీసి పంచండి. పరీక్షకు చదువుకోవడానికి స్లైడులు చాలవు.