మీ రెజ్యూమేలో లేని 12 నెలల ఖాళీ

ఉద్యోగ వేటలో ఉన్నవాళ్ల చెవిన తరచూ పడే అంకె ఒకటుంది. నూటికి 75 రెజ్యూమేలను మనిషి చూడకముందే సాఫ్ట్‌వేర్ తిరగ్గొట్టేస్తుందట. దాని వెనక చెప్పుకోదగ్గ సర్వే ఏదీ లేదు. రెజ్యూమేలు దిద్దిపెడతామనే వాళ్ల ప్రకటనల్లో నలిగి నలిగి నిజమై కూర్చుంది.

నమ్మదగిన లెక్కలు 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి ఇచ్చిన నివేదికలో ఉన్నాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 2,250 మందికి పైగా ఎగ్జిక్యూటివ్‌లను అడిగారు. ఉన్నత నైపుణ్యాల ఉద్యోగాలకు తగిన మనుషులు కూడా, ప్రకటనలోని షరతులకు అచ్చంగా సరిపోలేదన్న కారణంతో వడపోతలో పోతున్నారని 88 శాతం మంది ఒప్పుకున్నారు. దాదాపు సగం కంపెనీలు ఉద్యోగంలో ఆరు నెలలకు మించి ఖాళీ ఉన్నవాళ్లను పక్కన పెడుతున్నాయని కూడా తేలింది. ఆ ఖాళీ నిజంగా ఉంటే అది వేరే చర్చ. అసలు లేని ఖాళీ కూడా రెజ్యూమే రాసిన తీరు వల్ల పుట్టుకొస్తుంది.

అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ (ఏటీఎస్) మీ పేజీని చూడదు. ఫైల్‌లోంచి అక్షరాలను లాగి, పేరు, ఫోన్, కంపెనీ, హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ అనే గడుల్లో నింపుకుంటుంది. రిక్రూటర్ ఫిల్టర్ పెట్టేది ఆ గడుల మీదే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకరు 2018 జులై నుంచి 2020 డిసెంబర్ దాకా ఒక కంపెనీలో, 2021 జనవరి నుంచి 2024 జూన్ దాకా ఇంకో కంపెనీలో పనిచేశారనుకోండి. 30 నెలలు, 42 నెలలు కలిపి 72 నెలలు, అంటే నిండా ఆరేళ్లు. మధ్యలో ఒక్క నెల కూడా ఖాళీ లేదు. చూడ్డానికి పొందికగా ఉంటుందని రెజ్యూమేలో `2018–2020`, `2021–2024` అని మాత్రమే రాశారు. నెల కనిపించకపోతే జనవరి అనుకునే సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే మొదటి ఉద్యోగం 24 నెలలు, రెండోది 36 నెలలు అవుతుంది. అనుభవం ఐదేళ్లకు దిగింది. పైగా 2020 జనవరి నుంచి 2021 జనవరి వరకు 12 నెలల ఖాళీ వచ్చింది. ‘కనీసం ఆరేళ్లు’ అన్న ఫిల్టర్‌లోనూ, ఆరు నెలల ఖాళీ ఫిల్టర్‌లోనూ మనిషి పోయినట్టే. అన్ని సాఫ్ట్‌వేర్‌లూ ఇలాగే లెక్కేయవు. మీరు పంపేది ఏ రకానికి చేరుతుందో మీకు తెలియదు కదా!

రెండు కాలమ్‌ల టెంప్లేట్‌తో వచ్చే చిక్కు ఇంకో రకం. పీడీఎఫ్‌లో చాలాసార్లు పేరా, కాలమ్ అనే భావనే ఉండదు. ఫలానా అక్షరాలు పేజీలో ఫలానా చోట అని మాత్రమే ఉంటుంది:

```
BT /F1 11 Tf 40 700 Td (Java) Tj ET
BT /F1 11 Tf 240 700 Td (Team Lead) Tj ET
```

ఇందులో 40, 240 అడ్డంగా ఉన్న దూరాలు, 700 ఎత్తు. ఎత్తు ఒకటే కాబట్టి ఒకే వరుస అనుకునే సాఫ్ట్‌వేర్‌కు `Java Team Lead` అనే కొత్త హోదా దొరుకుతుంది. ఎడమ కాలమ్‌లో తేదీలు, కుడి కాలమ్‌లో కంపెనీలు పెడితే ఏ తేదీ ఏ కంపెనీదో కలగాపులగం అయిపోతుంది. వర్డ్ ఫైల్‌లోనైతే హెడర్‌లో పెట్టిన పేరు, ఫోన్ నంబర్ `header1.xml` లాంటి విడి ఫైల్‌లోకి పోతాయి. `document.xml` ఒక్కటే చదివే సాఫ్ట్‌వేర్‌కు అవి దొరకవు. అర్హత ఉందని తెలిసినా మీకు ఫోన్ చేయడానికి నంబరుండదు.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి `Ctrl+A`, `Ctrl+C` నొక్కి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కంపెనీ పక్కన దాని తేదీ కనిపిస్తోందా? చిహ్నాల స్థానంలో డబ్బాలు వస్తున్నాయా? `Certificate` మధ్యలో `fi` ఎగిరిపోయిందా? అక్కడ చెడితే ఏటీఎస్‌లోనూ చెడే అవకాశం ఎక్కువ. అక్కడ బాగున్నంత మాత్రాన పూర్తిగా నిశ్చింత కాదు, నెలల లెక్క నోట్‌ప్యాడ్ చెప్పదు. అందుకే `Jul 2018 – Dec 2020` అని నెలతో సహా రాయండి. అప్లై చేసేటప్పుడు రెజ్యూమేలోంచి ఫారం దానంతటదే నిండితే, సబ్మిట్ నొక్కేముందు తేదీల గడులను ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. సాఫ్ట్‌వేర్‌కు మీరెలా అర్థమయ్యారో మీకు కనిపించేది అక్కడే.

ఫార్మాట్‌తో దిద్దుకోలేనిది ఒకటుంది. చాలా చోట్ల నిజంగా దానంతటదే తిరస్కరించేది రెజ్యూమే కాదు, ఫారంలోని ప్రశ్న. అమెరికాలో ఓపీటీ మీదున్న మన పిల్లలకు అది బాగా తెలుసు. వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అన్నచోట ‘అవును’ నొక్కితే, స్పాన్సర్ చేయని కంపెనీలో దరఖాస్తు అక్కడితో ఆగిపోవచ్చు. అలాంటప్పుడు టెంప్లేట్ మార్చుకుంటూ కూర్చోవడం వృథా. ఆ సమయం స్పాన్సర్ చేసే కంపెనీల జాబితా వెతకడానికి పెట్టండి.