తడి బండ మీద సోలు: నీటి చెప్పుల కథ

హైదరాబాదు పాతబస్తీలోని పాత ఇళ్ళ వాకిళ్ళలోనూ స్నానాల గదుల్లోనూ పరిచిన శాబాదు, తాండూరు బండలు సున్నపురాతి జాతికి చెందినవి. వాటి రేణువులు అతి సన్ననివి కావడం వల్ల ఏళ్ళ తరబడి పాదాల రాపిడికి అవి అద్దంలా నునుపుదేరుతాయి. పొడిగా ఉన్నంతకాలం ఈ నునుపు వల్ల ఇబ్బంది ఏమీ ఉండదు గాని, ఒక బిందెడు నీళ్ళు ఒలికితే చాలు, అదే బండ మీద అదే హవాయి చెప్పు ఉన్నట్టుండి జారిపోతుంది. ఆ క్షణంలో రబ్బరు గుణమూ మారలేదు, రాతి గుణమూ మారలేదు. మారినదల్లా వాటి మధ్య చేరిన నీటి పొర మాత్రమే. సముద్రతీరానికీ, ఏరు దాటడానికీ, ఈతకొలను గట్టుకూ ప్రత్యేకంగా చేసిన చెప్పుల, బూట్ల చరిత్ర చాలావరకు ఈ పొరను ఎంత త్వరగా తప్పించగలమన్న ప్రశ్న చుట్టూనే నడిచింది.

ఆ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పినవాడు చెప్పులతో ఏ సంబంధమూ లేని శాస్త్రవేత్త. రెండు చదునైన పలకల మధ్య చిక్కుకున్న ద్రవం ఒత్తిడికి బయటికి పోవడానికి ఎంతసేపు పడుతుందో వియన్నాకు చెందిన యోసెఫ్ స్టెఫాన్ 1874లో ఒక సూత్రంగా చెప్పాడు. పలక వెడల్పు పెరిగే కొద్దీ ఈ సమయం విపరీతంగా పెరుగుతుంది, ఎందుకంటే మధ్యనున్న నీటి బొట్టు అంచు దాకా ఇరుకు దారిలో ప్రయాణించాలి, పైగా పొర పలచబడే కొద్దీ ఆ దారి మరింత ఇరుకవుతుంది. ద్రవానికి స్నిగ్ధత, అంటే పారకుండా అడ్డుకునే చిక్కదనం, ఎంత ఎక్కువైతే సమయం కూడా అంతే ఎక్కువవుతుంది.

ఈ సూత్రాన్ని ఒక హవాయి చెప్పు మడమకు అన్వయించి చూడవచ్చు. అరిగి నునుపైన మడమ భాగాన్ని 6 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రని బిళ్ళగా, మనిషి బరువును 60 కిలోలుగా అనుకుంటే, మామూలు నీటి పొర 5 మైక్రాన్ల మందానికి, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతుకన్నా తక్కువకు, పలచబడడానికి సెకనులో సుమారు పదో వంతు పడుతుంది. నునుపైన బండ మీద రబ్బరు నిజంగా రాతిని తాకాలంటే పొర కనీసం అంతగా తగ్గవలసిందే. నడకలో మడమ నేలకు తగిలిన తర్వాత జారే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా ఆ మొదటి పదో వంతు సెకనులోనే. పైగా ఒంటి బరువంతా ఆ క్షణంలోనే మడమ మీదికి రాదు కనుక నీరు తప్పుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. నీరు పోవడమూ కాలు జారడమూ ఒకదానితో ఒకటి పోటీపడే ఈ సన్నటి సందులోనే మనిషి పడిపోతున్నాడు.

ఇప్పుడు అదే మడమను, మొత్తం వైశాల్యం తగ్గకుండా, 12 మిల్లీమీటర్ల వ్యాసమున్న 25 గుబ్బలుగా విడగొట్టి వాటి మధ్య గాడులు వదిలితే, ప్రతి గుబ్బ కింది నీటికి అంచు దగ్గరవుతుంది. స్టెఫాన్ సూత్రం ప్రకారం పొర తొలగే సమయం సరిగ్గా 25వ వంతుకు, అంటే సెకనులో వెయ్యింట నాలుగైదు వంతులకు, పడిపోతుంది. రబ్బరు మార్చకుండా, బరువు పెంచకుండా, కేవలం విడగొట్టడం వల్ల కలిగే లాభం ఇది. అయితే గాడులు తప్పకుండా సోలు అంచు దాకా తెరుచుకుని ఉండాలి. అందం కోసం వేసిన చుట్టల్లాంటి, నాలుగు వైపులా మూసుకున్న నమూనాలు నీటిని బయటికి పంపకపోగా లోపలే బంధించి మరో పొరను తయారుచేస్తాయి. బజారులో కనిపించే చాలా చవక చెప్పుల లోపం ఇదే.

ఈ గణితం తెలియకుండానే, చేతిలోని కత్తితో, దీన్ని సాధించినవాడు అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన పాల్ స్పెర్రీ. పడవ తడి బల్లల మీద జారిపడిన అనుభవం ఉన్న అతడు, మంచు మీద తన కుక్క జారకుండా పరుగెత్తడం గమనించి, దాని పాదాల గాడులను అనుకరిస్తూ రబ్బరు సోలు మీద వంకరటింకర గీతలు కోసి, 1935లో పడవ బూటును అమ్మకానికి తెచ్చాడు. బ్లేడుతో గీసినంత సన్నని ఆ కోతలు సోలు వంగినప్పుడు తెరుచుకుని, వాటి పదునైన అంచులు నీటిని తుడుస్తూ పోతాయి. ఈ అంచులు మొద్దుబారే దాకానే ఆ బూటుకు పట్టు ఉంటుందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

గుబ్బలకూ కోతలకూ ఒక హద్దు ఉంది, అది పాచి దగ్గర బయటపడుతుంది. పురానాపూల్ దగ్గర మూసీ గర్భంలోని గ్రానైటు బండల మీద గాని, ఏ వాగులోని రాళ్ళ మీద గాని పట్టే పాచి బంకలాంటిది. దాని చిక్కదనం నీటికి నూరు రెట్లు అనుకుంటే, నునుపైన మడమ కింద పొర తొలగడానికి పది సెకన్లకు పైగా పడుతుంది, 25 గుబ్బల సోలుకు కూడా దాదాపు అర సెకను కావాలి. అంటే ఎంత మంచి సోలైనా అక్కడ పోటీలో ఓడిపోతుంది. అందుకే పాచి రాళ్ళ మీద చేపలు పట్టేవారు ఫెల్ట్ అనే ఒత్తిన ఉన్ని సోలును వాడేవారు. దాని పోగులు బంకను చీల్చుకుని రాతిని తాకుతాయి. కాని ఆ పోగుల్లో తడితో పాటు నీటి జీవులు కూడా బతికి ఒక నది నుంచి మరొక నదికి చేరుతున్నాయని తేలడంతో న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ సోలును నిషేధించింది. పాచి మీద రబ్బరు సోలుతో నడిచేవారికి మిగిలేది నిదానమే: అడుగును చదునుగా వేసి, బరువు మోపే ముందు ఒక్క క్షణం ఆగడం. లెక్క చెప్పే ఆ అర సెకనును పాదానికి ఇవ్వడమే దీని అర్థం.

సోలు సంగతి ఇలా ఉండగా, చెప్పు కాలికి అంటిపెట్టుకోవడం మరొక సమస్య. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాను జోరి చెప్పుల నమూనా మీద ప్రపంచమంతటా వ్యాపించిన హవాయి చెప్పు బొటనవేలి పక్కన ఒకే ఒక గుండీతో నిలుస్తుంది, మడమను దేనితోనూ పట్టుకోదు. నీటిలో కాలు ఎత్తినప్పుడు వేలాడే అట్ట తెడ్డులా పనిచేస్తుంది: 25 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టకు సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు అడ్డంగా తగిలితే సుమారు 1.4 కిలోల బరువుకు సమానమైన లాగుడు పడుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది; బొటనవేలు ఐదున్నర కిలోల లాగుడును ఆపలేదు కనుక చెప్పు కొట్టుకుపోతుంది. బురదలోనైతే అట్ట కింది పీల్పు వల్ల గుండీయే రంధ్రంలోంచి ఊడివస్తుంది. అమెరికాలో కొలరాడో నది మీద పడవ యాత్రికులకు దారి చూపే మార్క్ థాచర్ ఈ లోపాన్ని గమనించి, 1984లో అలాంటి చెప్పుకే చీలమండను చుట్టే వెల్క్రో పట్టీ చేర్చాడు. టేవా పేరుతో వచ్చిన ఆ చెప్పు నుంచే నేటి నీటి సాండళ్ళ వంశం మొదలైంది. అంత చిన్న పట్టీ వల్ల చెప్పు తెడ్డులా వేలాడడం మాని పాదంలో భాగంగా కదలడం మొదలుపెట్టింది.

సాండలుకు నీరు నిలిచే చోటే లేదు గాని గులకరాయి లోపలికి దూరుతుంది, వేళ్ళకు దెబ్బ తగులుతుంది. మూసిన నీటి బూటు వేళ్ళను కాపాడుతుంది, కాని లోపలికి వచ్చిన నీటిని బయటికి పంపాలి. ఇక్కడ రంధ్రం పరిమాణమే కీలకం. నీటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగుసుకుని ఉండే గుణం, చిన్న రంధ్రానికి మూత వేసినట్టు పనిచేస్తుంది: ఒక మిల్లీమీటరు రంధ్రం తనపైన సుమారు 3 సెంటీమీటర్ల నీటిని ఆపగలదు, 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక సెంటీమీటరును మాత్రమే ఆపగలదు. అందువల్ల సన్నని జాలీ బట్ట ఎంత ఉన్నా, బూటు అడుగున, వేళ్ళ దగ్గరా పాదపు వంపు దగ్గరా, కంటికి స్పష్టంగా కనిపించే రంధ్రాలు లేకపోతే కొంత నీరు లోపలే మిగులుతుంది. మరీ పెద్దవైతే ఇసుక వస్తుంది, సోలు కిందికే తెరుచుకుంటే నల్లరేగడి బురద వాటిని మూసేస్తుంది; పక్కల కింది అంచున ఉన్న రంధ్రాలు ఈ రెంటి మధ్య మంచి రాజీ. లోపలి అట్ట మూసిన గదులున్న స్పాంజిదైతే నీరు పీల్చదు, తెరిచిన గదులదైతే పీల్చుకుని గంటల తరబడి ఊటలా వదులుతుంది.

కొనేవారికి దుకాణంలోనే ఈ గుణాలను తేల్చుకునే వీలుంది. లోపలి అట్టను బొటనవేలితో గట్టిగా నొక్కి, దాని మీద ఒక చుక్క నీరు వేసి వదిలితే, చుక్క అలాగే నిలిస్తే మూసిన గదులు, లోపలికి ఇంకితే తెరిచినవి. సోలు గుబ్బను గోరుతో నొక్కితే కొద్దిగా లోపలికి పోయి తిరిగి లేవాలి; రాయిలా ఉన్న గట్టి ప్లాస్టిక్ తడిలో రాతిని పట్టదు. పాత చెప్పును తిప్పి చూసినప్పుడు మడమ అంచున గుబ్బలు కలిసిపోయి ఒకే నున్నని మచ్చగా మారి ఉంటే, ఆ మచ్చ పెరిగే కొద్దీ విడగొట్టడం వల్ల వచ్చిన లాభం పోయినట్టే, పైభాగం ఎంత కొత్తగా ఉన్నా సరే. పాదానికీ అట్టకూ మధ్య కూడా ఇదే జారుడు ఉంటుంది కనుక పై ఉపరితలం మీద కూడా చిన్న గాడులు చూసుకోవాలి.

ఈతకొలను గట్టుకు మరో కొలత ఉంది. జర్మనీ ప్రమాణం డిన్ 51097 ప్రకారం సబ్బు నీరు పారించిన పలకను క్రమంగా వంచుతూ దానిపై చెప్పులు లేకుండా మనిషిని నడిపిస్తారు. 12 డిగ్రీలు నిలిస్తే ఏ తరగతి, 18 డిగ్రీలకు బి, 24 డిగ్రీలకు సి. ఇది నేలకిచ్చే మార్కే గాని చెప్పుకిచ్చేది కాదు, కనుక ఆ నేల మీద ఏ చెప్పైనా నిలుస్తుందని అనుకోరాదు.

పాతబస్తీ విషయంలో ఒక తీర్పు తప్పనిసరి. 2020 అక్టోబరు వానలకు ఇక్కడి వీధులు మునిగినప్పుడు నీటి కింద మూతలేని మ్యాన్‌హోళ్ళు, గాజు పెంకులు, మురుగు ఉన్నాయి; అటువంటి చోట వేళ్ళు బయటపడే సాండలు కన్నా గట్టి ముందుభాగమున్న మూసిన బూటే మేలు. ప్రవహించే నీటిలోకి మాత్రం ఏ బూటుతోనూ దిగకూడదు. 2022 జూలైలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ మీది మూసారంబాగ్, చాదర్‌ఘాట్ లోతట్టు వంతెనలను మూసేశారు. మోకాలి లోతు దాటిన ప్రవాహం సోలు పట్టును లెక్కచేయదు, అది కాలినే తోసేస్తుంది. వంతెనకు అడ్డుకట్ట పెట్టిన రోజున ఎత్తైన వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళండి.