దేవరగట్టు క్లిప్... మూడు తెరలు, మూడు తీరులు!

దసరా రాత్రి ఫోన్‌లో తీసిన వీడియో ఒక్కటే. అదే యూట్యూబ్‌లో ఒకలా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకోలా, వాట్సప్‌లో మరోలా కనిపించాలి. ఆ కత్తిరింపు వెనక కథేంటంటే...

విజయదశమి అర్ధరాత్రి. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ మీద మాళమల్లేశ్వర స్వామి కల్యాణం ముగిసింది. ఉత్సవమూర్తులు కొండ దిగుతున్నాయి. వాటిని కాపాడుకుంటూ నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు ఒకవైపు... దక్కించుకోవాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరోవైపు. ఇనుప రింగులు తొడిగిన కర్రలు, దివిటీలు, డోళ్ల మోత. అదే బన్ని ఉత్సవం. ఆ వెలుగులో కర్రలతో పోటీపడుతూ గాల్లోకి లేచేవి ఇంకోటున్నాయి... సెల్‌ఫోన్లు!

తెల్లారేసరికి ఆ క్లిప్పులు ఊళ్లు దాటేస్తాయి. చాలామంది చేసేదేంటంటే, తీసింది తీసినట్టు అన్నిచోట్లా పెట్టేయడం. దాంతో ఒకచోట ఎవరూ చూడరు, ఒకచోట సగమే కనిపిస్తుంది, ఇంకోచోట నెత్తురు చూసి యాప్ దాన్ని మూల పడేస్తుంది.

ఓ కుర్రాడి ఫోన్‌లో 2 నిమిషాల 10 సెకన్ల నిలువు క్లిప్ ఉందనుకుందాం. మొదటి 22 సెకన్లు చీకట్లో నడక. అక్కణ్నుంచి 50వ సెకను దాకా దివిటీల వరస కొండ దిగడం. 1:25 వరకూ కర్రల పోరు. తర్వాతి పావు నిమిషం తల పగిలిన ఒకాయన గాయానికి పసుపు అద్దుకోవడం. చివర్లో దివిటీలు దూరంగా సాగిపోవడం.

ముందుగా చేయాల్సింది, అక్షరాలూ పాటలూ ఏమీ చేర్చని అసలు క్లిప్‌ని విడిగా దాచుకోవడం. ఒక యాప్‌లో పెట్టి, దాన్నే దించుకుని ఇంకో యాప్‌లో పెడితే మొదటిదాని ముద్ర తెర మీద ఉండిపోతుంది. అలాంటి ముద్ర ఉన్న వీడియోలను కొత్తవాళ్లకు తక్కువగా చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. మూడు కత్తిరింపులూ అసలు క్లిప్ నుంచే మొదలవ్వాలి.

తెలియనివాళ్ల కోసం...

యూట్యూబ్ షార్ట్స్‌లో చూసేవాళ్లలో ఎక్కువమందికి దేవరగట్టు ఎక్కడుందో తెలియదు. వేలితో పైకి తోసుకుంటూ పోతున్నవాడు 22 సెకన్ల చీకటి కోసం ఆగుతాడా! అందుకే 1:07 దగ్గర కర్రలు ఢీకొనే రెండు సెకన్లను తెచ్చి మొదట పెట్టాలి. తర్వాత వెనక్కి వెళ్లి దివిటీల వరస ఓ 22 సెకన్లు, ఆపైన పోరు 18 సెకన్లు. మొత్తం 42. వరస తప్పింది కాబట్టి మూడో సెకనులో తెర మీద ఒక్క మాట వేయాలి: ‘దేవరగట్టు, దసరా అర్ధరాత్రి’. లేకపోతే చూసేవాడు ఇదేదో ఊరి కొట్లాట అనుకుంటాడు. మొదలూ చివరా కర్రల చప్పుడే కావడంతో వీడియో మళ్లీ మొదలైనా అతుకు తెలియదు.

నిజానికి 2024 అక్టోబరు 15 నుంచి షార్ట్స్ 3 నిమిషాల దాకా ఉండొచ్చు. అయినా పూర్తిగా పెట్టడం అనవసరం. పైగా వెనకాల ఏ సినిమా పాటో కలిపి నిమిషం దాటిస్తే, హక్కుదారుల క్లెయిమ్ పడి వీడియో ఆగిపోవచ్చు. డోళ్లుండగా పాటెందుకు!

ఎత్తుగడ పారిందో లేదో ఎన్ని వ్యూస్ వచ్చాయన్నదాన్ని బట్టి తెలియదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ ఒక వ్యూ కిందే లెక్క. అంతకన్నా, ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేశారు అనే లెక్క చూడాలి. దాని పక్కనే ఏ సెకనులో జనం తగ్గారో చెప్పే గీత ఉంటుంది. మొదటి రెండు సెకన్లలోనే గీత జారితే ఎత్తుగడ తప్పు. దివిటీల దగ్గర జారితే అది తప్పు కాదు, అక్కడ సాగదీత ఎక్కువైందని అర్థం.

కవర్ మీద నెత్తురా?

ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో ఎంత ముఖ్యమో కవర్ అంత ముఖ్యం. ప్రొఫైల్‌లో వరసగా పేర్చి కనిపించేది అదే. 2025 జనవరి నుంచి ఆ గళ్లు చతురస్రం పోయి 3:4 నిలువు ఆకారానికి మారాయి. 1080 x 1920 కవర్‌లో పైన 240, కింద 240 పిక్సెళ్లు గడి బయటికి పోతాయి. ఊరి పేరు పైఅంచున రాస్తే ప్రొఫైల్‌లో సగం అక్షరాలే మిగులుతాయి.

ఏ ఫ్రేమ్ పెట్టాలి? చాలామంది చేయి తల పగిలిన ఫ్రేమ్ మీదికే పోతుంది. అది రెండు విధాలా చేటు. గాయాలూ నెత్తురూ ఉన్నవాటిని ఇన్‌స్టాగ్రామ్ హెచ్చరిక తెర వెనక దాచొచ్చు, కొత్తవాళ్లకు చూపించడం మానేయొచ్చు. యూట్యూబ్ కూడా హింస ఎక్కువగా ఉంటే వయసు పరిమితి పెడుతుంది. రెండోది, ఆ తల ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. కర్రలు వద్దని ఏటా పోలీసులు చెబుతూనే ఉన్నారు; ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. ముఖం స్పష్టంగా కనిపించే ఫ్రేమ్ ఆ మనిషికి చిక్కు తెచ్చిపెడుతుంది. కాబట్టి ఆ పావు నిమిషం మూడింట్లోనూ ఉండకూడదు.

మిగిలింది దివిటీల వరస. కర్రలు తిరిగే చోట రాత్రి ఫ్రేమ్ అలుక్కుపోతుంది, నడక నెమ్మదించిన చోట స్పష్టంగా వస్తుంది. ఎంచుకున్న ఫ్రేమ్‌ని బొటనవేలి గోరంత చేసి, ఫోన్ వెలుతురు తగ్గించి చూడాలి. నల్లటి గడి తప్ప ఏమీ కనిపించకపోతే ఇంకోటి వెతుక్కోవాల్సిందే. ఇన్‌స్టాలో కవర్‌ని తర్వాతైనా మార్చుకోవచ్చు. షార్ట్స్‌లో ఆ వెసులుబాటును నమ్ముకోకుండా, ఫోన్‌లోంచి ఎక్కించేటప్పుడే ఫ్రేమ్ ఎంచుకోవడం మేలు.

ఇక్కడ నిడివి ఓ అర నిమిషం చాలు. దివిటీలతోనే మొదలెట్టొచ్చు. తెర మీది మాటలు మరీ కిందికి పోకూడదు, అక్కడ ఖాతా పేరూ వివరణా వచ్చి కూర్చుంటాయి. కుడి అంచున లైకు, షేరు గుర్తులుంటాయి. ఇక వివరణలో తెలుగుతోపాటు ఒక కన్నడ వాక్యం కూడా రాయాలి. సరిహద్దు అవతలి నుంచీ భక్తులు వస్తారు. అసలు ‘బన్ని’ అంటేనే కన్నడంలో జమ్మి చెట్టు. ‘గోపరాక్’ అంటూ వేసే కేకలను మాత్రం యాప్ తనంతట తాను రాసే అక్షరాలకు వదిలేయకూడదు. అది ఏం విని ఏం రాస్తుందో ఆ దేవుడికే తెలియాలి!

మనవాళ్ల కోసం...

వాట్సప్ స్టేటస్ సంగతి వేరు. చూసేది బెంగళూరుకో గుంటూరుకో సుగ్గికి పోయిన బంధువులు. వాళ్లకు బన్ని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆశ పెట్టే ఎత్తుగడా అక్కర్లేదు. తమ ఊరి గుంపు ఎక్కడుందో, అన్న కనిపిస్తాడేమో అని వెతుక్కుంటారు. ముక్కలు చేస్తే వాళ్లకు కోపం వస్తుంది. అందుకే 0:30 నుంచి 1:25 దాకా ఏకబిగిన వదిలేయాలి. అది 55 సెకన్లు. ఒకప్పుడు స్టేటస్‌కు 30 సెకన్లే ఉండేది, 2024లో నిమిషానికి పెరిగింది. పాత ఫోన్లలోనూ తెగకుండా పోవాలంటే నిమిషంలోపే ఉంచడం మంచిది.

ఇక్కడ కవర్ ఎంచుకునే పని లేదు. అందుకని చీకటి ఫ్రేమ్‌తో కాకుండా, దివిటీ వెలిగి ఉన్నచోటే కత్తిరింపు మొదలవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఏడాది. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కానీ, క్లిప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. కింద రాసిన వివరణ దాని వెంట రాదు. వచ్చే దసరాకు ‘ఇప్పుడే జరిగింది’ అంటూ అదే క్లిప్ తిరిగొస్తే దూరాన ఉన్న ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. అందుకే ఊరి పేరు, ఏడాది తెర మధ్యకు కాస్త దగ్గరగా, కత్తిరించినా పోని చోట వీడియోలోనే చిన్న అక్షరాలతో ఉండాలి.

మర్నాడు ఉదయం పూజారి భవిష్యవాణి చెబుతారు. పంటలు, ధరలు, వానల సంగతులు. ఆ క్లిప్‌కి ఈ లెక్కలేవీ పనికిరావు. అక్కడ పదం కత్తిరిస్తే ఆ ఏడాది పత్తి ధరే మారిపోతుంది!