గొట్టం నడుమ మామిడి గుజ్జు ఎంత వేగంగా పోతుంది?

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల రోడ్ల మీద తోతాపురి కాయల ట్రాక్టర్లు పల్ప్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరుతాయి. లోపల కాయల్ని కడిగి, టెంకలు తీసి, గుజ్జును వడగట్టి, తొంభై డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. వేడెక్కిన గుజ్జు వెంటనే చల్లబరిచే యంత్రంలోకి పోదు. ముందు ఒక పొడవాటి స్టీల్ గొట్టం గుండా నడవాలి. దాన్ని హోల్డింగ్ ట్యూబ్ అంటారు. గుజ్జులోని సూక్ష్మజీవులు చావడానికి ఆ వేడిలో కాసేపు ఉండాలి కదా, ఆ కాసేపూ గడిచేది ఈ గొట్టంలోనే.

ఆ కాసేపు ఎంత? గొట్టం లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, పొడవు 12 మీటర్లు అనుకుందాం. గంటకు సుమారు 1,400 లీటర్ల గుజ్జు పోతోంది. లెక్క వేస్తే సగటు వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు. అంటే 12 మీటర్లు దాటడానికి 60 సెకన్లు. అయితే ఈ అరవై సెకన్లు సగటు మాత్రమే. గోడను ఆనుకున్న గుజ్జు దాదాపు కదలదు, నడుమ ఉన్నది అందరికంటే ముందు పోతుంది. సూక్ష్మజీవి ఆ నడుమ దారిలో ఉంటే అరవై సెకన్ల కంటే ముందే బయటపడుతుంది. కాబట్టి ఫ్యాక్టరీకి కావాల్సింది సగటు కాదు, అన్నింటికంటే వేగంగా పోయే గుజ్జు లెక్క.

గొట్టంలో పోయేది నూనె లాంటి ద్రవమైతే జవాబు చాలాకాలంగా తెలిసిందే. రక్తనాళాల మీద ఆసక్తితో సన్నని గాజు గొట్టాల్లో ప్రవాహాన్ని కొలిచిన ఫ్రెంచి వైద్యుడు పొయిజుయి, జర్మన్ ఇంజనీరు హాగెన్ 19వ శతాబ్దం మధ్యనాటికే ఆ దారి వేశారు. అలాంటి ద్రవాలను న్యూటోనియన్ ద్రవాలంటారు. వాటిని మెల్లగా కదిపినా జోరుగా కదిపినా చిక్కదనం మారదు. సుడులు లేకుండా నిదానంగా పారేటప్పుడు వాటి వేగాన్ని గోడ నుంచి గోడకు గీస్తే పరావలయం వస్తుంది. దాని కొన సరిగ్గా సగటుకు రెండింతలు. మన గొట్టంలో నడుమ వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు, అక్కడి చుక్క 30 సెకన్లలోనే బయటికి వచ్చేస్తుంది.

మామిడి గుజ్జు అలా కాదు. కదిపినకొద్దీ పలచబడుతుంది. సీసాలో ఎంతకూ దిగని టమాటా సాస్ గట్టిగా కుదిపితే జారడం, బ్రష్షు కింద పలచగా పరుచుకున్న పెయింటు గోడ మీద కారకుండా నిలబడటం కూడా ఇలాంటివే. ఈ గుణాన్ని లెక్కలో పెట్టడానికి 1920లలో డి వేల్, ఆస్ట్‌వాల్డ్ ఒక తేలికైన సూత్రం వాడారు. పొరల మధ్య ఒరిపిడి బలం, అవి ఒకదాని మీద ఒకటి జారే రేటుకు n అనే ఘాతంలో ఉంటుంది. అందుకే ఇది పవర్ లా అయింది. n విలువ 1 అయితే న్యూటోనియన్ ద్రవం. 1 కంటే తక్కువైతే కదిపేకొద్దీ పలచబడేది. మామిడి గుజ్జుకు n సుమారు 0.3 ఉంటుంది. లెక్క సులువుగా సాగడానికి మూడో వంతు అనుకుందాం.

ఇప్పుడు గొట్టంలోకి తొంగిచూద్దాం. ఒరిపిడి బలం నడుమ సున్నా, గోడ దగ్గర అత్యధికం, మధ్యలో దూరాన్ని బట్టి సమంగా పెరుగుతుంది. ఇది ఏ ద్రవానికైనా ఒకటే. తేడా వచ్చేది ఆ బలానికి ద్రవం ఎలా లొంగుతుందన్న దగ్గరే. నడుమకూ గోడకూ సగం దూరంలో బలం గోడ దగ్గరి దానిలో సగం. నూనెలో అక్కడి పొరలు గోడ దగ్గరి రేటులో సగం రేటుతో జారతాయి. n మూడో వంతైన గుజ్జులో జారే రేటు బలం ఘనంతో పెరుగుతుంది కాబట్టి అక్కడ ఎనిమిదో వంతే. అంటే నడుమ భాగంలో పొరల మధ్య జారుడు దాదాపు లేదు, మొత్తం ఒక ముద్దలా కలిసి నడుస్తుంది. జారుడంతా గోడ పక్కన పలచబడిన సన్నని పొరలోనే జరుగుతుంది.

దీన్ని సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది. V సగటు వేగం, R గొట్టం వ్యాసార్ధం, r నడుమ నుంచి దూరం:

u = V × (3n+1)/(n+1) × [1 − (r/R)^((n+1)/n)]

n = 1 పెడితే పాత పరావలయమే వస్తుంది. n మూడో వంతు పెడితే ఘాతం 2 నుంచి 4కు పెరుగుతుంది, నడుమ వేగం సగటుకు ఒకటిన్నర రెట్లకు తగ్గుతుంది. మన గొట్టంలో అది సెకనుకు 30 సెంటీమీటర్లు. సగం దూరంలో కూడా వేగం 28కి పైనే. నూనెకైతే అదే చోట 40 కాస్తా 30కి పడిపోయి ఉండేది. పరావలయం నెత్తి చదునై బోర్లించిన బకెట్టులా తయారవుతుంది. ఫలితంగా అన్నింటికంటే ముందు పోయే గుజ్జు 40 సెకన్లు వేడిలో ఉంటుంది.

అంటే గుజ్జును నూనెలా భావించి 30 సెకన్లే దొరుకుతుందని లెక్క కడితే పది సెకన్ల రక్షణ మిగిలిపోతుంది, ప్రమాదం లేదు. చిక్కు ఎదురు దిశలో ఉంది. గుజ్జుకు 40 సెకన్లు చాలునని నిర్ణయించిన అదే గొట్టంలో అదే రేటున, నీళ్లు కలిపి పలచన చేసిన సరుకును పంపితే n విలువ 1 వైపు జరుగుతుంది. సుడులు పుట్టేంత పలచన కాకపోతే, నడుమ దారి సమయం 40 నుంచి 30 వైపు తగ్గుతూ వస్తుంది. నీళ్లలో చిక్కగా కలిపిన మొక్కజొన్న పిండిలా కదిపితే గట్టిపడే వాటికి n ఒకటిని మించుతుంది. n = 2 అయితే నడుమ వేగం సగటుకు 2.33 రెట్లు, సమయం 26 సెకన్లకు దిగుతుంది. అక్కడ 'రెండింతలు' అన్న జాగ్రత్త కూడా చాలదు.

సూత్రానికీ హద్దులున్నాయి. సరిగ్గా నడుమ గుజ్జు చిక్కదనం అనంతమని అది చెబుతుంది, నిజంలో అలా ఉండదు. గుజ్జులోని పీచు గోడకు కాస్త ఎడంగా జరిగి, అక్కడ నీటి పొర ఏర్పడితే గుజ్జు గోడ మీదే జారుతుంది, ఆ జారుడు ఈ లెక్కలో లేదు. ఒకే గుజ్జును రెండు వేర్వేరు వ్యాసాల గొట్టాల్లో పంపి చూసినప్పుడు లెక్కలు పొసగకపోతే ఆ జారుడును అనుమానించాలి.

n తెలుసుకోవడానికి ఆ గొట్టమే చాలు. ప్రవాహాన్ని రెండింతలు చేసి, గొట్టం రెండు చివరల మధ్య పీడనం తేడా ఎంత పెరిగిందో చూడాలి. నూనెకైతే అదీ రెండింతలవుతుంది. n మూడో వంతైన గుజ్జుకు 26 శాతమే పెరుగుతుంది. అందుకే పీడనం మీటరును చూసి ప్రవాహాన్ని అంచనా వేసే ఆపరేటరు మోసపోతాడు. ముల్లు కొద్దిగా కదిలిందంతే అనుకుంటాడు. ఈలోగా పంపు రెట్టింపు గుజ్జును తోస్తుంటుంది, 40 సెకన్లు ఉండాల్సిన గుజ్జు 20 సెకన్లకే గొట్టం దాటిపోతుంది.