పే స్లిప్‌ను షీట్‌లోకి ఎక్కిస్తున్నారా? బకాయిల లైన్ దగ్గర జాగ్రత్త

మౌలాలి లోకో షెడ్‌లోనో, అక్కడి రైల్వే శిక్షణ కేంద్రంలోనో పనిచేసే ఉద్యోగికి ప్రతి నెలా పే స్లిప్ పీడీఎఫ్‌గా అందుతుంది. ఏ నెలకు ఆ నెల చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. పన్నెండు నెలలవీ ఒకే షీట్‌లో పెడితేనే ఆగిపోయిన అలవెన్సు, తీరిపోయినా ఆగని అప్పు వాయిదా బయటపడతాయి. అందుకు షీట్‌ను ఎలా వేసుకోవాలో 2025 ఏప్రిల్ జీతం ఉదాహరణతో చూద్దాం.

ఒక అంశానికి ఒక వరుస

స్లిప్‌లో ఎడమవైపు ఆదాయం, కుడివైపు కోతలు పక్కపక్కనే ఉంటాయి. షీట్‌లో అలాగే దించితే రెండూ ఒకే వరుసలో పడి మొత్తాలు తారుమారవుతాయి. కాబట్టి ఐదు కాలమ్‌లు పెట్టుకోండి. Aలో నెల, Bలో స్లిప్‌లో ఉన్న పేరు, Cలో ఆదాయమైతే E, కోత అయితే D, Dలో మొత్తం, Eలో ఆ డబ్బు ఏ నెలలకు సంబంధించిందో రాయాలి. నెలను 202504 అని అంకెల్లోనే రాయండి. ‘ఏప్రిల్ 25’ తరహాలో ఇంగ్లిష్‌లో రాస్తే షీట్ దాన్ని తేదీగా మార్చేయవచ్చు.

ఏప్రిల్ లెక్క ఇదీ

లెవెల్-5లో మూల వేతనం రూ.31,000 ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. ఆయన క్వార్టర్‌లో ఉండటం లేదు, ఎన్‌పీఎస్‌లో ఉన్నారు, ఆ నెల ఆదాయపు పన్ను కోత లేదు. డీఏ 55 శాతం చొప్పున రూ.17,050, హైదరాబాద్‌లో హెచ్‌ఆర్‌ఏ 30 శాతం చొప్పున రూ.9,300, రవాణా భత్యం రూ.3,600, దానిపై డీఏ రూ.1,980. ఇవన్నీ కలిపి రూ.62,930.

అయితే డీఏను 53 నుంచి 55 శాతానికి పెంచుతూ కేంద్రం మార్చి 28న నిర్ణయం తీసుకుంది. పెంపు మాత్రం జనవరి 1 నుంచే వర్తించింది. మూడు నెలల బకాయి రూ.1,860, రవాణా భత్యంపై బకాయి రూ.216 ఏప్రిల్ జీతంతో వచ్చాయనుకుందాం. అప్పుడు మొత్తం ఆదాయం రూ.65,006.

కోతల్లో ఎన్‌పీఎస్ రూ.4,805, డీఏ బకాయిపై ఎన్‌పీఎస్ రూ.186, వృత్తి పన్ను రూ.200, గ్రూప్ ఇన్సూరెన్స్ రూ.30, సొసైటీ అప్పు వాయిదా రూ.4,000 కలిపి రూ.9,221. చేతికి వచ్చేది రూ.55,785.

ఎక్కడ తప్పుతుంది?

ఎక్కువమంది బకాయిని కూడా డీఏ వరుసలోనే కలిపేస్తారు. నికర జీతం సరిపోతుంది కాబట్టి తప్పు కనిపించదు. కానీ డీఏ రూ.18,910 అవుతుంది. దాన్ని మూల వేతనంతో భాగిస్తే 61 శాతం వస్తుంది. ఉండాల్సింది 55 కదా! ఇలా శాతం తేడా కొట్టిందంటే బకాయి కలిసిపోయిందని అర్థం. దాన్ని వేరే వరుసలో పెట్టి, E కాలమ్‌లో ‘జనవరి-మార్చి’ అని రాయండి.

పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు అంకెలు సెల్‌లో ఎడమవైపు అతుక్కుంటే షీట్ వాటిని అక్షరాలుగా చూస్తోందన్నమాట. అలాంటివి కూడికలోకి రావు. కామాలు, ఖాళీలు తీసేసి మళ్లీ ఎక్కించండి. అప్పు వాయిదా పక్కనే మిగిలిన బాకీ కూడా ఉంటే దాన్ని D కాలమ్‌లో రాయొద్దు. ఫోన్‌లో చేస్తుంటే ఈ పది పన్నెండు వరుసలను చేత్తో టైప్ చేయడమే సులువు.

రెండు తనిఖీలు

మొదటిది, నికర జీతం:

```
=SUMIFS(D:D,A:A,202504,C:C,"E")-SUMIFS(D:D,A:A,202504,C:C,"D")
```

జవాబు స్లిప్‌లోని నికర జీతంతోనూ, బ్యాంకులో పడిన డబ్బుతోనూ రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. తేడా ఉంటే ముందు ఆ అంకె ఏదైనా ఒక వరుసకు సమానమా అని చూడండి. సమానమైతే ఆ వరుస తప్పిపోయింది. ఒక వరుసకు రెట్టింపైతే ఆ వరుసలో E, D తారుమారై ఉంటాయి.

రెండోది, బకాయిలు పక్కన పెట్టి మామూలు ఎన్‌పీఎస్ కోతను మూల వేతనం, డీఏల మొత్తంతో భాగించండి. 10 శాతం రావాలి. తర్వాత బకాయితో కలిపి రూ.4,991 మీ ప్రాన్ ఖాతాలో జమైందో లేదో చూసుకోండి. కోత పడిందని స్లిప్ చెబుతుంది కానీ, జమైందని చెప్పదు.

క్వార్టర్ మారితే

రైల్వే క్వార్టర్‌లో ఉన్నవారికి హెచ్‌ఆర్‌ఏ రాదు, కోతల్లో క్వార్టర్ అద్దె ఉంటుంది. ఖాళీ చేశాక అద్దె ఆగి, హెచ్‌ఆర్‌ఏ మొదలవ్వాలి. షీట్‌లో B కాలమ్‌ను ఫిల్టర్ చేసి ఈ రెండు వరుసలనే చూడండి. పూర్తి నెలలో రెండూ లేకపోతే పై ఉద్యోగి నెలకు రూ.9,300 నష్టపోతున్నట్టే. రెండూ ఉంటే అదనంగా వచ్చిన డబ్బును తర్వాత తిరిగి కోస్తారు. ఏదైనా సరే, క్వార్టర్ అప్పగించిన తేదీ కాగితంతో పాటు ఆ నెలల వరుసలను ప్రింట్ తీసి జీతాల విభాగంలో అర్జీ ఇవ్వండి.