ఎనిమిదో పాఠంలో తగ్గిన జనం, మూడో పాఠంలో దొరికిన కారణం

ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టినవాళ్లంతా చివరిదాకా చూడరు. మొదటి పాఠాన్ని చాలామంది ఊరికే తొంగిచూసి వెళ్లిపోతారు. అది ఏ కోర్సులోనైనా ఉండేదే. ఆలోచించాల్సింది సగం దాకా శ్రద్ధగా వచ్చి హఠాత్తుగా ఆగిపోయినవాళ్ల గురించి. వాళ్లకు పాఠం కష్టమైందా, లేక ముందే చెప్పాల్సిన సంగతి ఏదైనా చెప్పలేదా? ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక మాస్టారు యూట్యూబ్‌లో ఇరవై పాఠాల ఎక్సెల్ కోర్సు పెట్టారనుకోండి. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకీ రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది. ఏ క్షణానికి ఎంత శాతం మంది మిగిలారో అది చూపిస్తుంది. అయితే ఒక్క వీడియో గ్రాఫ్‌తో కోర్సు సంగతి తెలియదు. అందుకని ఆయన గత తొంభై రోజులకు ఒక పట్టిక వేసుకున్నారు. ప్రతి పాఠానికీ రెండే గడులు: ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు. సెర్చ్‌లో నేరుగా ఆ పాఠానికి వచ్చినవాళ్లు తమకు కావలసింది చూసుకుని పోతారు కాబట్టి, ప్లేలిస్ట్ ద్వారా వచ్చిన చూపులనే లెక్కలోకి తీసుకున్నారు.

ఆరో పాఠాన్ని 620, ఏడో పాఠాన్ని 600 చూపులతో మొదలుపెట్టారు. ఎనిమిదికి వచ్చేసరికి అది 330కి పడిపోయింది. చూడగానే ఎనిమిదో పాఠం బాగోలేదనిపిస్తుంది. కానీ దాన్ని తెరవనివాళ్లకు అది నచ్చకపోవడం ఎలా కుదురుతుంది? వాళ్లను ఆపింది అంతకుముందుదే అయ్యుండాలి. అలా ఆయన ఏడో పాఠం గ్రాఫ్ తెరిచారు.

అది VLOOKUP పాఠం. కిరాణా కొట్టు బిల్లులో సరుకు కోడ్ కొడితే ధర దానంతటదే రావాలి. నాలుగో నిమిషం దగ్గర గ్రాఫ్ ఒక్కసారి పైకి లేచి, వెంటనే నిలువునా పడింది. గ్రాఫ్ లేవడమంటే జనం వెనక్కి తిప్పి మళ్లీ చూశారన్నమాట. తిప్పి చూసి, అయినా అర్థంకాక వెళ్లిపోయారు. విసుగుతో వెళ్లేవాళ్లు వెనక్కి తిప్పరు. వాళ్లు ముందుకు జరుపుతారు, లేదా నెమ్మదిగా జారుకుంటారు.

ఆ నిమిషంలో తెరమీద ఉన్న ఫార్ములా ఇది:

```
=VLOOKUP(B2,$F$2:$G$40,2,FALSE)
```

ఇందులో డాలర్ గుర్తులు ధరల పట్టికను కదలకుండా పట్టి ఉంచుతాయి. అవి లేకుండా ఫార్ములాను కిందికి లాగితే పట్టిక కూడా ఒక్కో వరుస కిందికి జరుగుతుంది. అప్పుడు పై వరుసల్లోని సరుకులకు ధర బదులు #N/A వస్తుంది. మొదటి వరుస సరిగ్గానే వస్తుంది కాబట్టి తప్పెక్కడుందో కొత్తవాళ్లకు అంతుపట్టదు.

డాలర్ గుర్తు గురించి ఎక్కడ చెప్పారో వెతకడానికి మాస్టారు ఇంకో జాబితా రాశారు: ప్రతి పాఠంలో ఏమేం వాడాం, వాటిని మొదట ఏ పాఠంలో నేర్పాం. డాలర్ గుర్తుకు ఎదురుగా గడి ఖాళీగా ఉండిపోయింది. మూడో పాఠంలో ఫార్ములాను కిందికి లాగడం నేర్పారు కానీ, లాగినప్పుడు ఏది కదులుతుందో, ఏది కదలకూడదో చెప్పలేదు.

నిజంగా కష్టమైన పాఠం గ్రాఫ్ ఇలా ఉండదు. పదకొండో పాఠం పివట్ టేబుల్ గురించి. అక్కడా జనం వెనక్కి తిప్పారు, కానీ ఒకచోట కాదు, పాఠం పొడవునా. అయినా ఎక్కువమంది పన్నెండో పాఠానికి వచ్చారు. అలాంటి పాఠానికి కావలసింది నిదానం, ఇంకో ఉదాహరణ. అంతేగానీ కోత కాదు. ఇంకో సంగతి ఉంది. అప్పటికి మిగిలినవాళ్లు వడపోతలో నిలిచినవాళ్లు. వాళ్లు తట్టుకున్నారు కదా అని పాఠం తేలికని అనుకోకూడదు.

పాఠం నిడివి ప్రభావాన్నీ విడిగా చూడాలి. ఎడెక్స్ కోర్సుల్లోని 862 వీడియోలపై 2014లో వచ్చిన పరిశోధనలో, వీడియో పొడవు పెరిగేకొద్దీ మధ్యలో వదిలేసేవాళ్లు పెరిగారని తేలింది. అందుకే ఇరవై నిమిషాల పాఠాన్ని ఆరు నిమిషాల పాఠంతో పోల్చి కష్టం తేల్చకూడదు. గ్రాఫ్ అనుమానం కలిగిస్తుంది, అంతే. కారణం రుజువు కావాలంటే ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లను కూర్చోబెట్టి, ఆ నాలుగో నిమిషంలో ఏం చేస్తున్నారో చూడాలి.

యూట్యూబ్‌లో పెట్టేసిన వీడియో మధ్యలో కొత్త భాగం చేర్చడం కుదరదు. అందుకని మాస్టారు డాలర్ గుర్తు మీద మూడు నిమిషాల చిన్న వీడియో తీసి, మూడో పాఠం తర్వాత ప్లేలిస్ట్‌లో పెట్టారు. ఫలితాన్ని ఆ తర్వాత చేరినవాళ్లలోనే లెక్కగట్టాలి. పాతవాళ్లను కలిపితే మార్పు కనిపించదు. ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లేవాళ్లు పెరిగి, నాలుగో నిమిషం దగ్గరి పతనం తగ్గితే అనుమానం నిజమైనట్టు. ఒక్కటి పెరిగి రెండోది మారకపోతే కారణం ఇంకోచోట వెతకాలి.

మీరూ పాఠాలు చెప్పేవారైతే, జనం తగ్గిన వీడియోను మళ్లీ తీసే ముందు, అందులో వాడిన ప్రతి సంగతినీ అంతకుముందు ఎక్కడ నేర్పారో రాసి చూసుకోండి.